పొద్దుటి కొలత, సాయంత్రం కొలత: కాళ్ల వాపుకు స్టాకింగ్స్ వాడిన ఒక కేసు

పేషెంటు 52 ఏళ్ల ఆవిడ. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణంలో భర్తతో కలిసి టిఫిన్ సెంటరు నడుపుతారు. తెల్లవారుజామున నాలుగున్నరకి పొయ్యి వెలిగిస్తే పదకొండింటి దాకా పెనం ముందే ఉంటారు. సాయంత్రం మళ్లీ బజ్జీలు, పునుగులు. బీపీ చాలాకాలంగా ఉంది, షుగర్ ఆరేళ్లుగా ఉంది. ఎనిమిది నెలల కిందట కాళ్లు వాయడం మొదలైంది. పొద్దున లేచేసరికి చాలావరకు తగ్గి ఉంటుంది, రాత్రికి చెప్పు పట్టీలు పాదంలోకి దిగిపోతాయి. ఎడమ కాలు ఎక్కువ, కుడి కాలు తక్కువ. (ఆవిడని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.)

ఆవిడ నా దగ్గరికి వాపు గురించి కాదు, స్టాకింగ్స్ మీద ఫిర్యాదుతో వచ్చారు. "ఇవి వేసుకున్నాక పాదం ఇంకా ఎక్కువ వాస్తోంది సార్, మోకాలి కింద కోసినట్టు గాడి పడుతోంది" అని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు. మోకాలి దాకా వచ్చే రకం, పెట్టె మీద క్లాస్ 2, ఎక్స్‌ఎల్ సైజు. మెడికల్ షాపులో అడిగితే మనిషిని చూసి ఎక్స్‌ఎల్ సరిపోతుందని ఇచ్చారట. ఎవరూ టేపు పట్టలేదు. అక్కడే వేసుకుని చూపించమన్నాను. మధ్యాహ్నం మూడు గంటలు, కాళ్లు అప్పటికే నిండుగా ఉన్నాయి. పైఅంచు పట్టుకుని గుంజుకుంటూ ఎక్కించారు. చీలమండ దగ్గర గుడ్డ వదులుగా మడతలు పడింది. పొడవు ఎక్కువై మోకాలి మడత దాటి పైకి వచ్చింది. ఆ మిగిలిన పొడవును ఆవిడ మామూలు సాక్సుల్లాగే రెండు మడతలు కిందికి మడిచేశారు. గాడి పడుతున్నది సరిగ్గా ఆ మడత కిందే.

స్టాకింగ్ పనితీరు తెలిస్తే ఇక్కడ ఏం జరిగిందో అర్థమవుతుంది. మనిషి కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో పీడనం దాదాపు 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. గుండె నుంచి కాలి దాకా నిలబడ్డ రక్తపు స్తంభం బరువు అది. నడిచినప్పుడు పిక్క కండరం రక్తాన్ని పైకి తోస్తుంది కాబట్టి, సిరల కవాటాలు బాగుంటే అది 30 కిందికి పడిపోతుంది. కవాటాలు కారుతుంటే పైకి తోసిన రక్తం మళ్లీ కిందికే జారుతుంది, ఆ ఒత్తిడికి నీరు సిరలోంచి బయటి కండలోకి ఊరుతుంది. దీనికి ఎదురుగా బయటినుంచి ఒత్తిడి పెట్టేదే స్టాకింగ్. ఆ ఒత్తిడి చీలమండ దగ్గర ఎక్కువగా ఉండి, పిక్క దగ్గర తగ్గుతూ, మోకాలి దగ్గర ఇంకా తగ్గాలి. అమెరికాలో కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరు, తానే సిరల జబ్బుతో బాధపడుతూ, ఈతకొలనులో నిలబడితే కాళ్లకు హాయిగా ఉండటం గమనించాడు. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కదా, అదే క్రమాన్ని గుడ్డలో అల్లాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. మన టిఫిన్ సెంటరావిడ కాలి మీద ఈ క్రమం తలకిందులైంది. చీలమండ దగ్గర వదులు, అంటే ఒత్తిడి దాదాపు లేదు. మోకాలి కింద మూడు పొరలు, అంటే ఒత్తిడి అక్కడే ఎక్కువ. అది కట్టుతాడులా పనిచేసి కింద పాదం ఉబ్బేలా చేసింది.

వాపు దేనిది?

స్టాకింగ్ గురించి మాట్లాడే ముందు వాపు ఎందుకు వచ్చిందో తేల్చుకోవాలి. రెండు కాళ్లూ వాచినప్పుడు గుండె, కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ చూడాలి. ఆవిడకు ఆయాసం లేదు, వెల్లకిలా పడుకోగలరు. ఎకో, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్, ఆల్బుమిన్, టీఎస్‌హెచ్ అన్నీ బాగానే వచ్చాయి.

ఆవిడ మనసులో ఉన్న భయం వేరు. అత్తగారికి బోదకాలు. ఆ ప్రాంతంలో కాలు వాస్తే అందరికీ మొదట గుర్తొచ్చేది అదే. దీనికి చేతితోనే చేసే ఒక చిన్న పరీక్ష ఉంది. కాలి రెండో వేలి మొదట్లో, పైభాగంలో చర్మాన్ని చిటికెతో పైకి పట్టుకోవాలి. మడతగా లేస్తే మంచిదే. దళసరిగా అయిపోయి లేవకపోతే లింఫ్ నాళాలు దెబ్బతిన్నాయని గట్టిగా అనుమానించాలి. ఆవిడకు తేలిగ్గా లేచింది. వేళ్లు సన్నగానే ఉన్నాయి. పైగా రాత్రికి రాత్రి సగానికి పైగా తగ్గే వాపు ముదిరిన బోదకాలు తీరు కాదు. అయితే చర్మం లేచినంత మాత్రాన లింఫ్ సమస్య అసలే లేదని చెప్పలేం, తొలిదశలో లేస్తుంది కూడా. ఇక్కడ మిగతా లక్షణాలు కూడా కలిశాయి కాబట్టి ఆ భయం తీసేయగలిగాను.

డాప్లర్ స్కాన్‌లో లోపలి సిరల్లో గడ్డలు లేవు. ఎడమ కాలి లోపలివైపు పైసిరలో కవాటాలు కారుతున్నాయి. కుడి కాలిలో అలాంటిదేమీ లేదు. మరి కుడి కాలు ఎందుకు వాస్తోంది? మందుల చీటీలో సమాధానం దొరికింది. ఎనిమిది నెలల కిందటే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాములకు పెరిగింది. ఈ మందు చిన్న ధమనులను వెడల్పు చేస్తుంది గానీ సిరలను అంతగా చేయదు. దాంతో సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు ఊరుతుంది. మోతాదు పెరిగేకొద్దీ వాపూ పెరుగుతుంది. ఇది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి నీరు పోయే మాత్రలకు అంతగా తగ్గదు. ఆవిడ షాపులో అడిగి తెచ్చుకుని అవి కూడా కొన్నాళ్లు వేసుకున్నారు. రాత్రి రెండుమూడుసార్లు లేవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

బీపీ చూసే డాక్టర్‌తో మాట్లాడాను. ఆయన ఆమ్లోడిపిన్‌ని 5కి తగ్గించి టెల్మిసార్టన్ కలిపారు, తర్వాత పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూశారు. చదివేవారికి ఒక మాట: వాపు వచ్చిందని ఈ మాత్ర మీకు మీరే ఆపేయకండి. వాపు కన్నా అదుపు తప్పిన బీపీ ప్రమాదం.

రక్తం కిందికి సరిగా వస్తోందా?

స్టాకింగ్ సిరల మీద పెట్టే ఒత్తిడే ధమనుల మీద కూడా పడుతుంది. కాలికి రక్తం తక్కువగా అందుతున్న మనిషికి బిగుతు స్టాకింగ్ తొడిగితే చర్మం చచ్చిపోవచ్చు, వేళ్లు నల్లబడవచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, పొగతాగేవాళ్లలో, నడిస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గేవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే చేతి బీపీని, చీలమండ దగ్గరి బీపీని చిన్న డాప్లర్ పెన్నుతో కొలిచి, చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తాం. ఆవిడకు చేతిలో 138, కుడి చీలమండ దగ్గర 146, ఎడమ దగ్గర 142. అంటే 1.06, 1.03. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే మామూలు ఒత్తిడి స్టాకింగ్ వేయవచ్చు. 0.5 నుంచి 0.8 మధ్య ఉంటే తక్కువ ఒత్తిడి, అదీ రక్తనాళాల డాక్టర్ కనిపెట్టుకుని ఉంటేనే. 0.5 కన్నా తక్కువైతే వేయకూడదు. ముందు రక్తప్రసరణ సంగతి చూడాలి.

షుగర్ పేషెంట్లలో ఈ అంకె మోసం చేయగలదు. ధమని గోడలో కాల్షియం పేరుకుంటే పట్టీ దాన్ని నొక్కలేదు, అంకె 1.3 దాటి చూపిస్తుంది. అది మంచి ప్రసరణకు గుర్తు కాదు. కొన్నిసార్లు అంకె మామూలుగానే కనిపించినా లోపల జబ్బు ఉండొచ్చు. అందుకే పాదం మీద నాడి చేతికి తగులుతోందా, డాప్లర్ శబ్దం బాగుందా అని కూడా చూశాను. రెండూ బాగున్నాయి. ఇంకొకటి స్పర్శ. నైలాన్ పోగుతో పాదం కింద తాకితే అన్నిచోట్లా చెప్పగలిగారు. స్పర్శ పోయిన పాదం మీద స్టాకింగ్ ఎక్కడో కోస్తున్నా మనిషికి తెలియదు, అలాంటివాళ్లకు నేను వీలైనంతవరకు వేయను. గుండె బలహీనత బాగా ముదిరినవాళ్లకు కూడా అంతే, కాళ్లలో నీటిని ఒక్కసారిగా పైకి తోస్తే గుండె తట్టుకోలేకపోవచ్చు.

ఒకే కాలికి మూడు సైజులు

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇదే. ఆ మధ్యాహ్నం ఎడమ చీలమండ చుట్టుకొలత 27 సెంటీమీటర్లు. ఆ కంపెనీ పట్టికలో 27 నుంచి 30 అంటే ఎక్స్‌ఎల్, 24 నుంచి 27 ఎల్, 21 నుంచి 24 ఎమ్. షాపులో ఆ వేళలో టేపు పట్టి ఉంటే కూడా ఎక్స్‌ఎల్లే ఇచ్చేవారు. మర్నాడు పొద్దున టిఫిన్ సెంటరుకు సెలవు పెట్టించి, లేచాక ఎక్కువసేపు నిలబడకుండా రమ్మన్నాను. అప్పుడు 24.5, అంటే ఎల్. మాత్ర మారి మూడు వారాలు గడిచాక, రాత్రిళ్లు మంచం కాళ్లవైపు కింద ఇటుకలు పెట్టి పడుకున్నాక, మళ్లీ పొద్దున కొలిస్తే 23. ఎమ్ సైజు. కాలు అదే, ఎముక అదే, మారింది దానిలో ఉన్న నీరు.

చాలామంది స్టాకింగ్ వాపును పిండేస్తుందని అనుకుంటారు. కొద్దిగా తగ్గిస్తుంది కూడా. కానీ దాని అసలు పని తగ్గిన కాలిని తగ్గినట్టే ఉంచడం. నిండా వాచిన కాలికి కొలత తీస్తే, వాపు తగ్గిన మొదటి వారంలోనే అది వదులైపోతుంది. బాగా వాచినవాళ్లకు నేను మొదట సాగుడు తక్కువగా ఉండే బ్యాండేజీలు పొరలుగా కట్టి, కాలు స్థిరమైన కొలతకు వచ్చాకే స్టాకింగ్ రాస్తాను. ఈవిడకు మందు మార్పు, రాత్రి కాళ్లు ఎత్తుగా పెట్టుకోవడం సరిపోయాయి, కట్టు అక్కరలేకపోయింది. ఆ మూడు వారాలూ పాత స్టాకింగ్స్ తీసి పక్కన పెట్టించాను.

కొలత తీసే పద్ధతి ఇది. పొద్దున వాపు తక్కువగా ఉన్నప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేల మీద ఆనించి, టేపు చర్మానికి తాకేట్టు, బిగించకుండా పట్టాలి. మొదటిది చీలమండ ఎముకలకు కాస్త పైన, కాలు అన్నిటికన్నా సన్నగా ఉండే చోట. రెండోది పిక్క అన్నిటికన్నా లావుగా ఉండే చోట. మూడోది పొడవు: మడమ ఆనిన నేల నుంచి మోకాలి వెనక మడత దాకా. రెండు కాళ్లకూ విడివిడిగా తీయాలి. ఈవిడకు ఎడమ చీలమండ 23, పిక్క 38, కుడి చీలమండ 22.5, పిక్క 37.5, రెండూ ఎమ్‌లోకే వచ్చాయి. ఒక్కోసారి రెండు కాళ్లకు రెండు సైజులు వస్తాయి, అప్పుడు జత కొనడం కుదరదు. చీలమండ ఒక సైజులో, పిక్క ఇంకో సైజులో పడితే వేరే కంపెనీ పట్టిక చూడాలి. ఒక కంపెనీ ఎమ్ ఇంకో కంపెనీ ఎమ్ కాదు. ఎక్కడా కుదరకపోతే కొలతకు అల్లించుకోవాలి.

పొడవును దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఆవిడ ఎత్తు అయిదడుగులు లేదు. నేల నుంచి మోకాలి మడతకు 36 సెంటీమీటర్లు. చాలా కంపెనీలు ఒకే సైజులో పొట్టి రకం, మామూలు రకం అని రెండు చేస్తాయి, షాపుల్లో దొరికేది ఎక్కువగా మామూలు రకమే. మన ఆడవాళ్లలో చాలామందికి అది పొడవు. స్టాకింగ్ పైఅంచు మోకాలి మడతకు రెండు వేళ్ల కింద ఆగాలి. పొట్టి రకం ఆర్డర్ మీద తెప్పించాం, రావడానికి వారం పట్టింది. ఆ వారం ఓపిక పట్టడమే మంచిది, మడిచి వేసుకోవడం కన్నా.

ఇక ఒత్తిడి ఎంత? పెట్టె మీద క్లాస్ అంకెను నమ్మకండి, మిల్లీమీటర్ల అంకెను చూడండి. జర్మన్ ప్రమాణంలో క్లాస్ 2 అంటే 23 నుంచి 32, బ్రిటిష్ ప్రమాణంలో క్లాస్ 2 అంటే 18 నుంచి 24. మన షాపుల్లో రకరకాల ప్రమాణాల పెట్టెలు కలిసే ఉంటాయి. ఈవిడకు ఎడమ కాలి చర్మం అప్పటికే మారుతోంది కాబట్టి 20 నుంచి 30 రాశాను. సాయంత్రానికి బరువెక్కడం, కొద్దిపాటి వాపు మాత్రమే ఉన్నవాళ్లకు 15 నుంచి 20 చాలు. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రిలో వేసే తెల్ల స్టాకింగ్స్ వేరే. అవి మంచం మీద పడుకున్నవారికి రక్తం గడ్డకట్టకుండా వేసేవి, వాటి ఒత్తిడి తక్కువ. ఇంట్లో ఎవరివో పడున్నాయని అవి తొడుక్కుని పెనం ముందు నిలబడితే ఉపయోగం అంతంత మాత్రమే.

పట్టీలు, మెట్టెలు, తెల్లవారుజాము స్నానం

సైజు కుదిరినా ఎప్పుడు, ఎలా వేసుకుంటారన్న దగ్గర చాలామంది వదిలేస్తారు. పుస్తకాల్లో "నిద్ర లేచాక మంచం దిగకముందే వేసుకోవాలి" అని ఉంటుంది. ఆవిడ వెంటనే "స్నానం చేయకుండా పొయ్యి ముట్టుకోను సార్" అన్నారు. స్నానం, దీపం, ఆ తర్వాతే దుకాణం. రాత్రి స్నానం చేసి పొద్దున స్టాకింగ్స్‌తో లేవమని చెప్పి చూశాను, కుదరదన్నారు. సరే, అయితే స్నానం అయ్యాక కాళ్లు, ముఖ్యంగా వేళ్ల సందులు పొడిగా తుడుచుకుని, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు మంచం మీద పడుకుని కాళ్లు గోడకు ఎత్తిపెట్టి, అక్కడే తొడుక్కుని లేవమన్నాను. ఆ పావుగంటలో ఆవిడ నామాలు చదువుకుంటారట, కాబట్టి కాలం వృథా అన్న బాధ కూడా లేదు.

పట్టీలు తీయక తప్పదు. స్టాకింగ్ కింద వెండి పట్టీ ఉంటే అది చర్మంలోకి నొక్కుకుపోతుంది, చీలమండ ఎముక మీద పుండు పడటానికి అదొక్కటి చాలు. మెట్టెలు తీయమని నేను అడగలేదు. వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం తెప్పిస్తే సరిపోతుంది. అది హవాయి చెప్పులకు కూడా వీలు, మూసిన రకంతో బొటనవేలి సందులో చెప్పు పట్టీ దూరదు. అయితే పాదం అడుగున గుడ్డ ఉంటుంది కాబట్టి తడి గచ్చు మీద, నున్నటి టైల్స్ మీద జారుతుంది. ఇంట్లోనూ చెప్పులు వేసుకుని తిరగాలి.

తొడుక్కునే పద్ధతి. లోపలికి చెయ్యి పెట్టి మడమ సంచిని పట్టుకుని, అక్కడి దాకా స్టాకింగ్‌ను తిరగేయాలి. అప్పుడు పాదం భాగం లోపల జేబులా మిగులుతుంది. పాదాన్ని అందులోకి దూర్చి, మడమ సంచి సరిగ్గా మడమ మీద కూర్చున్నాకే మిగతాది పైకి తిప్పుకుంటూ రావాలి. పైఅంచు పట్టుకుని లాగకూడదు. అలా లాగితే గుడ్డంతా పైన పోగై కింద పలచబడుతుంది. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు చేతికి వేసుకుంటే గుడ్డను అరచేత్తో కొద్దికొద్దిగా నిమురుతూ పైకి జరపొచ్చు, గోళ్లు తగిలి పోగులు లేవవు. వేళ్లు తెరిచిన రకానికి ఇంకో చిట్కా ఉంది. ముందు పాదానికి పలచటి ప్లాస్టిక్ సంచి తొడిగి దాని మీదుగా స్టాకింగ్ ఎక్కిస్తే జారిపోతుంది, తర్వాత వేళ్ల దగ్గరి రంధ్రంలోంచి సంచిని బయటికి లాగేయాలి. మొదటిరోజు ఆవిడకు ఒక్కో కాలికి పది నిమిషాలు పట్టింది. భర్తకు కూడా నేర్పించాను. చివరగా అద్దంలో వెనకవైపు చూసుకోమన్నాను. మోకాలి వెనక, చీలమండ ముందు మడత ఉండకూడదు. కింద కూర్చుని పప్పు ఏరడం, బాసింపట్టు వేసుకోవడం లాంటివి చేస్తే మోకాలి వెనక గుడ్డ చుట్టుకుపోతుంది, లేచాక సరిచేసుకోవాలి. వీలైతే పీట బదులు కుర్చీ.

మొదటి మూడు రోజులు నాలుగేసి గంటలే వేసుకోమన్నాను, ఆ తర్వాత నిలబడే సమయమంతా. రాత్రి పడుకునే ముందు తీసేయాలి. పడుకున్నప్పుడు సిరల్లో పీడనం ఎలాగూ పడిపోతుంది, ఒత్తిడి అవసరం లేదు, పైగా చర్మానికి గాలి కావాలి. తీశాక గుడ్డ అచ్చు కనిపించడం మామూలే, కాసేపటికి పోతుంది. కాలి ముందు ఎముక మీద గానీ, చీలమండ ముందు నరంలా లేచే కండరపు తాడు మీద గానీ ఎర్రటి మచ్చ పడి గంటయినా పోకపోతే అక్కడ ఒత్తిడి ఎక్కువైందని లెక్క. సన్నటి, గట్టి ఎముకల మీద అదే గుడ్డ ఎక్కువ నొక్కుతుంది. వేళ్లు తెల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, పాదం మంటగా నొప్పెట్టినా వెంటనే తీసేయాలి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి పిక్క నొప్పెడితే, లేదా కాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వస్తే స్టాకింగ్ తొడిగి ఊరుకోకుండా అదే రోజు డాక్టర్‌కి చూపించుకోవాలి. దానికి తోడు ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

చర్మం సంగతి

ఎడమ చీలమండ లోపలివైపు అరచేయంత మేర గోధుమరంగు మచ్చ, దాని మీద పొట్టు, గోకిన గీతలు. సిరల్లోంచి ఊరిన ఎర్రకణాల ఇనుము చర్మంలో పేరుకుంటే ఆ రంగు వస్తుంది. దురద, పొట్టు సిరల ఎగ్జిమావి. ఆవిడ దీన్ని తామర అనుకుని నాలుగు మందులు కలిసిన ట్యూబు రాసుకుంటున్నారు, మధ్యమధ్యలో పసుపు, వేపాకు ముద్ద. ఆ కలగాపులగం క్రీముల్లో కొన్నిటిలో ఉండే నియోమైసిన్ ఇలాంటి కాళ్లకు అలర్జీ తెచ్చే మందుల్లో పేరుమోసినది. అన్నీ ఆపించాను. మధ్యస్థ బలం ఉన్న స్టీరాయిడ్ ఆయింట్‌మెంట్ ఒక్కటే, రాత్రిపూట, మచ్చ మీద మాత్రమే, పలచగా, పది రోజులు. తర్వాత రోజు విడిచి రోజు, ఆపై మానేయడం. పండగరోజు పాదాలకు పసుపు రాసుకుంటే తప్పులేదు గానీ, పొట్టు లేచిన చోట వద్దన్నాను.

ఎగ్జిమా కన్నా ఎక్కువ కాలం చేయాల్సిన పని తేమ నిలిపే పూత. తెల్ల పెట్రోలియం జెల్లీ గానీ, లిక్విడ్ పారఫిన్ ఉన్న వాసన లేని క్రీము గానీ చాలు, ఖరీదైనది అక్కరలేదు. రాత్రి స్టాకింగ్స్ తీశాక గోరువెచ్చటి నీళ్లతో కడుక్కుని, అద్ది తుడుచుకుని, చర్మం ఇంకా కొద్దిగా చెమ్మగా ఉండగానే రోమాలు వాలిన దిక్కుగా, అంటే పైనుంచి కిందికి రాయాలి. పొద్దున రాయకూడదు. జిడ్డు మీద స్టాకింగ్ ఎక్కదు, ఎక్కినా జారుతుంది, నూనెకు సాగే దారం త్వరగా పాడవుతుంది. ఆవిడ కొబ్బరినూనె అలవాటు మానలేదు, రాత్రిపూటే రాస్తున్నారు కాబట్టి నేనూ పట్టుబట్టలేదు. వేళ్ల సందుల్లో మాత్రం క్రీమూ వద్దు, నూనే వద్దు.

వాపు తగ్గుతూ వచ్చింది. స్టాకింగ్స్ మొదలెట్టిన నెలకు ఎడమ చీలమండ పొద్దున 23, రాత్రి 24. మోకాలి కింద గాడి లేదు, దురద పోయింది. గోధుమరంగు మిగిలింది, అది పూర్తిగా పోదని ముందే చెప్పాను.

ఏప్రిల్ చివర్లో ఫోన్ చేశారు. ఎండలు, పెనం వేడి, లోపల చెమట. కుడి కాలి చివరి రెండు వేళ్ల సందు తెల్లగా నాని చిట్లింది. చూస్తే ఫంగస్. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఆ చీలికలోంచే సూక్ష్మక్రిములు లోపలికి వెళ్లి కాలంతా ఎర్రగా వాచే సెల్యులైటిస్ వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకు మరీను. క్లోట్రిమజోల్ క్రీము రోజుకు రెండుసార్లు, తగ్గాక కూడా రెండు వారాలు వాడించాను. వేళ్ల సందుల్లో పొడి గుడ్డ పెట్టి తుడుచుకోవడం అలవాటు చేయించాను. పదకొండింటికి దుకాణం కట్టేశాక స్టాకింగ్స్ తీసేసి, కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుని, సాయంత్రం పనికి ముందు రెండో జత వేసుకోవాలని మార్చాం. ఎండాకాలం మొత్తం మానేస్తానన్న మనిషి ఈ ఏర్పాటుకు ఒప్పుకున్నారు. మధ్యాహ్నం వేసుకోకపోయినా నిలబడే గంటల్లో ఉంటే నాకు అదే చాలు.

రెండు జతలు ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. రోజూ ఉతకాలి, చెమట జిడ్డు పోవడానికే కాదు, ఉతికితే సాగిన అల్లిక మళ్లీ దగ్గరికొస్తుంది. తేలికపాటి సబ్బుతో గోరువెచ్చటి నీళ్లలో, బ్లీచింగ్, కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు లేకుండా. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరవాలి. ఆవిడ మేడమీద తీగకు వేలాడదీసి ఎండలో ఆరబెట్టేవారు, ఒక జత నాలుగు నెలలకే వదులైంది. సరిగా చూసుకుంటే సాధారణంగా ఆరు నెలలు వస్తాయి. తొడగడం తేలికైపోయిందని పేషెంటు సంతోషంగా చెప్పినప్పుడు నేను ముందు స్టాకింగ్‌నే అనుమానిస్తాను, సగం సార్లు అది పనైపోయినదే.

ఆరో నెలలో కొత్త జతకు పొద్దున మళ్లీ కొలిచాను. ఎడమ చీలమండ 22.5, కుడి 22, సైజు ఎమ్మే, పొట్టి రకమే. ఎడమ కాలి సిర కారడం మాత్రం స్కాన్‌లో అలాగే ఉంది, స్టాకింగ్ కవాటాన్ని బాగుచేయదు. దాన్ని లేజర్‌తో మూసేయించుకునే అవకాశం గురించి, ఖర్చు గురించి ఇద్దరికీ చెప్పాను. పెళ్లిళ్ల సీజను అయ్యాక, వానాకాలంలో దుకాణానికి గిరాకీ తగ్గినప్పుడు చేయించుకుంటామన్నారు. అప్పటిదాకా రెండు జతలు రాసిచ్చాను.